మా అత్తకు నేను రాసిన ముగింపు

హంపమ్మత్త పోయిందని తెలిసి నేను యశ్వంతనగర్ చేరేసరికి మట్టి కూడా అయిపోయింది. గని పనివాళ్ళకు వండిపెట్టే మెస్సులో ఆమె ముప్పై ఏళ్ళకు పైగా రొట్టెలు చేసింది. మెస్సు వెనకాల రేకుల గది ఆమెది. ఎర్రమట్టి ధూళి కిటికీ ఊచల మీద, దండెం మీద, ఆమె మడిచిపెట్టుకున్న రెండు చీరల మీద కూడా పేరుకుపోయి ఉంది. ఆమెతోపాటు పనిచేసే ఒక నడివయసు మనిషి నన్ను కూర్చోమని, చెంబుతో నీళ్ళిచ్చి, "మీరేమైతారు ఆయమ్మకి?" అని అడిగింది. ముప్పై ఏళ్ళలో ఎవరూ రాలేదని, ఎవరూ లేరనే తాము అనుకున్నామని చెప్పింది. తమ్ముడి కూతుర్నని చెప్పడానికి నోరు రాలేదు. తెలిసినవాళ్ళమని చెప్పి, నీళ్ళు తాగి, పది నిమిషాలు కూర్చుని లేచాను. సండూరు మీదుగా బస్సులో బళ్ళారి వస్తున్నంతసేపూ, నా పేరు నలుగురికీ తెలిసేలా చేసిన ఆ కథ ఎలా తయారైందో మొదటి నుంచీ గుర్తు చేసుకున్నాను. ఆ కథ గురించి సభల్లో చాలాసార్లు మాట్లాడాను. ఇక్కడ రాస్తున్నది మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు.

మా చిన్నప్పుడు మేము హగరిలో ఉండేవాళ్ళం. మా నాయన వ్యవసాయ క్షేత్రంలో మడుల పని చూసేవాడు. రెండు గదుల ఇల్లు, ముందు పంచ, వెనక పొయ్యిల్లు. తెల్లవారుతూనే రొట్టె తట్టే చప్పుడుకు మెలకువ వచ్చేది. అత్త చెయ్యి ఒక్క లయలో పడేది, దానికీ స్టేషన్లో ఆగిన గూడ్సు బండి బుసకీ మధ్య నేను మళ్ళీ నిద్రపోయేదాన్ని. జొన్నపిండి కాలే వాసన, చెనిక్కాయల పొడి వాసన, వానొస్తే నల్లరేగడి వాసన, ఏ కాలమైనా వదలని మా అవ్వ పొగాకు వాసన. ఇవన్నీ కలిసిందే మా ఇల్లు. అత్త మా నాయనకు అక్క. మొగుడు ఇంకొకామెను తెచ్చుకుంటే, నేను పుట్టకముందే పుట్టింటికి వచ్చేసింది. పిల్లల్లేరు. వచ్చిన రోజు నుంచీ ఆమె చెయ్యని పని మా ఇంట్లో లేదు, ఆమె గురించి ఎవరైనా మంచిమాట అన్నట్టు నాకు గుర్తు లేదు.

నాయనకూ అత్తకూ తల్లి అయిన అవ్వ పొద్దస్తమానం పంచలో స్తంభానికి ఆనుకుని ఆకువక్క సంచి, అడకత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. చిన్నప్పుడు చీముపట్టి ఆమె ఎడమ చెవి పోయింది. గౌరవించాల్సినవాళ్ళు వస్తే మొహం తిప్పి కుడి చెవి ఇచ్చేది. మిగతావాళ్ళు తామే కుడివైపుకు వచ్చి మాట్లాడాల్సిందే. అత్త మాత్రం ఎప్పుడూ ఎడమ పక్కనే కూర్చునేది. బియ్యంలో రాళ్ళేరినా, చెనిక్కాయలు ఒలిచినా అక్కడే. పని చేస్తూ పెదవులు కదిలించేది. ఏమంటుందో వినపడేది కాదు. అందరూ తిన్నాక అంచు సొట్టపోయిన గిన్నెలో ఒక రొట్టె పెట్టుకుని తినేది. రెండోదానికి చెయ్యి పోతే అవ్వ తల తిప్పకుండానే, కోపం లేకుండా, మామూలు గొంతుతో "సాల్దా నీకు?" అనేది. అత్త చెయ్యి ఆగిపోయేది. ఆ మాటను నేను చిన్నప్పుడు పిల్లికి పాలు పోస్తూ అవ్వ గొంతుతో అనేదాన్ని. అవ్వ పళ్ళు లేని నోటితో నవ్వేది, మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. అత్త కూడా నవ్వేది. అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టి అందరికన్నా ముందు ఆపేది.

బళ్ళారిలో కాలేజీలో చేరాక మాకు తెలుగు చెప్పిన గోవిందరాజులు సార్ ఒక చిన్న మాసపత్రిక కూడా నడిపేవారు. ఆయన వాళ్ళు కంప్లి దగ్గర క్యాంపులో వరి పండించే కుటుంబం, కోస్తా నుంచి వచ్చి కాలవ కింద స్థిరపడినవాళ్ళు. మాట కోస్తా మాటే, పదును మాత్రం ఎక్కడిదో. పిల్లల కథల్లో నచ్చని వాక్యాన్ని తరగతిలో పైకి చదివి, ఎవరిదో చెప్పకుండా, రాసినవాళ్ళ మొహం చూస్తూ నిలబడేవారు. ఒక పిల్ల అలాగే చదువు మానేసింది. నేను మా అత్త మీద, ఆమె పేరు కూడా మార్చకుండా, పన్నెండు పేజీల కథ రాసి ఆయనకిచ్చాను. అందరికన్నా చివర తినే ఒక మనిషి, చెవిటి తల్లి, ఒక పిల్లి, ఎప్పుడూ తెరవని పెట్టె తాళంచెవి. తాళంచెవి మా ఇంట్లో లేదు, ఆసక్తి కోసం నేను కల్పించింది. పన్నెండో పేజీలో ఆరు వరుసల్లో ఆ మనిషి బట్టలుతకడానికి కాలవకు పోయి, జారిపడి, చచ్చిపోతుంది. ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. మర్నాడు ఇచ్చెయ్యాలి, అంతకు మించి తోచలేదు.

సార్ దాన్ని స్టాఫ్‌రూములో నా ముందే చదివారు. చదివి ఎర్ర పెన్సిల్ నా చేతికిచ్చారు. చదివేవాళ్ళను ఏయే వస్తువు వైపు, ఏయే మాట వైపు రెండోసారి చూడమని చెప్పావో అన్నింటి చుట్టూ గుండ్రంగా గీయమన్నారు. గీశాను. అయిదు తేలాయి: చెవిటి చెవి, 'సాల్దా నీకు', సొట్ట గిన్నె, తాళంచెవి, పిల్లి. ఒక్కొక్కదాని పక్కన, కథ చివర అది ఏ పేజీలో పనిచేసిందో అంకె వెయ్యమన్నారు. పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఒక్క అంకె కూడా వెయ్యలేకపోయాను. అప్పుడు కాలవ అనే మాట మొదటిసారి ఎక్కడ వచ్చిందో వెతకమన్నారు. పన్నెండో పేజీలో. దానికి ముందు కథలో చుక్క నీళ్ళు లేవు.

"ఆ మనిషి జారిపడలేదమ్మా," అన్నారు సార్. "నీకు నిద్రొచ్చి నువ్వు తోసేశావు."

కాలవను ముందే రెండుచోట్ల పెడితే సరిపోతుందా అని అడిగాను. సరిపోదన్నారు. అప్పుడు కాలవ వస్తుందని తెలుస్తుంది తప్ప ఎందుకు వచ్చిందో తెలియదు. ప్రమాదం ఎవరికైనా జరుగుతుంది, దానికి ఈ తల్లీ ఈ కూతురూ అవసరం లేదు. పదకొండు పేజీలు ఒక మనిషి ఏమీ చెయ్యకుండా ఓర్చుకుంటే, చదివేవాడు ఆమె ఏం చేస్తుందోనని కాచుకుని ఉంటాడు. చివర్లో ఆమె చెయ్యాలి, లేదా చెయ్యగలిగి మానుకోవాలి. ఆమెకు ఏదో జరగడం ముగింపు కాదు. అదీ ఆయన చెప్పింది.

రెండోసారి రాసినప్పుడు అయిదింటికీ అంకెలు పడేలా చేశాను. పెట్టె తెరిచారు, అందులో మొగుడి ఉత్తరం, తల్లి చెవిటి చెవికి కూతురి ఏడుపు వినపడింది, 'సాల్దా నీకు' అన్న నోటితోనే పశ్చాత్తాపపడి ఇంకా తినమని తన కంచంలో అన్నం పెట్టింది, పిల్లి చచ్చింది, గిన్నె పగిలింది. సార్ దాన్ని తరగతిలో పైకి చదివారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సివచ్చింది. తరువాత స్టాఫ్‌రూములో తీరిగ్గా చెప్పారు. అన్నీ తిరిగి రానక్కర్లేదు. తాళంచెవి ఒక రహస్యం ఉందని మాటిస్తుంది, నీ కథలో రహస్యం లేదు, కాబట్టి దానికి ముగింపు వెతకొద్దు, ముందు పేజీల్లోంచే తీసెయ్యి. పిల్లి ముద్దుగా ఉంది, అంతే, అదీ తీసెయ్యి. గిన్నె ఉండనీ, దాన్ని గది అలంకారంగా వదిలెయ్. మిగిలినవి రెండు: చెవి, మాట. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడు, ముగింపు నీకే కనపడుతుందన్నారు.

నాలుగు రోజులు కనపడలేదు. ఇంట్లో అవ్వ పక్కన కూర్చుని చూసేదాన్ని. ఎడమ పక్క ఎంత గట్టిగా మాట్లాడితే వినపడుతుందో తెలుసుకోవాలని ఒకరోజు ఆమె పక్కకు జరిగి "ముసిల్దానా, ఎప్పుడు సస్తావు?" అన్నాను. మామూలు గొంతుతోనే. అవ్వ వక్క నములుతూ హగరి ఏటి వైపు చూస్తూ కూర్చుంది. కొంచెం అవతల చేటతో కూర్చున్న అత్త మాత్రం తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ చేటలోకి వంగింది. నాకు సిగ్గు వెయ్యలేదు. ముగింపు దొరికిందన్న సంతోషమే వేసింది. ఎడమ పక్క కూర్చున్న మనిషి కుడి పక్కకు రావాలి. వచ్చి, తల్లి మాటనే తల్లికి చెప్పాలి. అలా చెప్పాలంటే తిండి అడిగే స్థితి తల్లికి రావాలి, పెట్టే చెయ్యి కూతురిదవ్వాలి.

ఇది చెప్పగానే సార్ మొదటిసారి కుర్చీలో ముందుకు వంగారు. అయితే తల్లి ఎలా మంచాన పడుతుందని అడిగారు. ఊరికే పడిపోతే కాలవలో జారడం ఎంతో ఇదీ అంతే. ముందే ఒక గుర్తు ఉండాలి, కానీ అది గుర్తని చదివేవాడికి తెలియకూడదు, ఇంకో పని మీద వచ్చినట్టు ఉండాలి. నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆ నెలలో మా అవ్వ కుడి చేతిలోంచి అడకత్తెర రెండుసార్లు జారిపడింది. ఒకరోజు పొద్దున కాఫీ తాగుతుంటే మూతి ఒకపక్కకు పోయి కాఫీ కారింది, కాసేపటికి మామూలైంది. అడకత్తెర పడినప్పుడల్లా అవ్వ అత్తను తిట్టింది, నూనె చేత్తో పట్టుకున్నావని.

"ఇది కల్పించావా?" అన్నారు సార్.

"లేదు సార్. చూసినాను."

"బాగుంది. తిట్టుతో సహా రెండో పేజీలో పెట్టు. చదివేవాడు ముసలామె గయ్యాళితనం అనుకుంటాడు. చివర్లో తెలుస్తుంది."

ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు, అవ్వను ఆసుపత్రికి తీసుకుపోవాలని. ఇంట్లో అత్తకు తోచింది. మూతి వంకరపోయిన రోజే నాయనకు చెప్పిందట. నాయన చూద్దాంలే అన్నాడు. నేను కాలేజీలో చదువుతున్నదాన్ని, నా మాట ఆయన వినేవాడు. నేను ఆ పొద్దున చూసినదాన్ని నోటు పుస్తకంలో రాసుకున్నాను.

మిగతా పనికి నెల పట్టింది. చెవి సంగతి పాత కథలో నాలుగో పేజీలో వేళాకోళంగా ఉండేది, దాన్ని మొదటి పేజీకి తెచ్చాను. మధ్యలో ఒకసారి దాన్ని పనిచేయించాను: కూతురు ఎడమ పక్క గొణిగితే తల్లి ఏందని అడుగుతుంది, కోడలు ఏమీ లేదని అబద్ధం చెబుతుంది. మొదట చెప్పడం, తరువాత వాడడం, చివర మార్చడం. 'సాల్దా నీకు' అయిదుసార్లు ఉండేది. అన్నిసార్లు వింటే చివరిసారి వినపడదని మూడు కొట్టేయించారు సార్. మిగిలిన రెండింట్లో మొదటిది రొట్టె దగ్గర, రెండోది పండగనాడు, బొబ్బట్టు, అంటే మా ఓళిగ, దగ్గర. ఆరు వరుసల ముగింపు పేజీన్నర అయింది. మూడు చెంచాల గంజి, ఒక్కొక్క చెంచా ఒక్కొక్క వాక్యం. మూడో చెంచా అయ్యాక కూతురు తల్లి మూతి తుడుస్తుంది. లేచి, మంచం చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి కూర్చుంటుంది. గిన్నెలో ఇంకా గంజి ఉంది. తల్లి నోరు తెరిచి ఉంది. చెవి దగ్గరకు వంగి అంటుంది: "సాల్దా నీకు?" దాని తరువాత నేను, ఇన్నేళ్ళ పగ ఆ రోజు తీరింది అని ఒక వాక్యం రాశాను. సార్ దాన్ని కొట్టేసి, ఇది నువ్వు చెబితే పగ, చెప్పకపోతే కథ అన్నారు.

అచ్చయింది. నాయన క్షేత్రం ఆఫీసుకు తీసుకుపోయి చూపించాడు. తెలుగు చదవగలిగినవాళ్ళందరూ చదివారు. చదివినవాళ్ళు మా పంచ ముందు నుంచి పోతూ అత్తను ఒకసారి చూసి పోయేవాళ్ళు. మా అమ్మ చదివి, పత్రికను బియ్యం డబ్బా వెనక పెట్టింది. అత్త అడిగితే తరువాత ఇస్తాలే అంది.

మూడు నెలలకు అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. బళ్ళారి ఆసుపత్రిలో డాక్టరు, ముందుగా ఏమైనా కనపడిందా అని అడిగాడు. చెయ్యి పట్టు తప్పడం, మూతి తిరగడం లాంటివి. నాయన లేదన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నేనూ ఏమీ చెప్పలేదు. ఇంటికి పంపేశారు. పెట్టే పని అత్తదే అయింది. మెత్తగా ఉడికిన గంజి చెంచాతో పోసి, గొంతు కదిలేదాకా ఆగి, మళ్ళీ పోసేది. ఒక గిన్నె గంజికి గంట పట్టేది. అవ్వకు మింగడం చేతకావడం లేదు కాబట్టి అత్త ఆగేది. అత్త ఒక్కతే కనిపెట్టింది ఆ సంగతి. కానీ మా ఇంట్లో అందరూ కథ చదివారు. చెంచా ఆగినప్పుడల్లా మా అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడేది. మంచం గోడవారగా ఉండడం వల్ల అత్త కుడి పక్కనే కూర్చోవాల్సి వచ్చింది. నేను పుస్తకం పట్టుకుని చూసేదాన్ని. నా ముగింపు ఎంత సరిగ్గా రాశానో చూసుకుంటున్నాను.

వారం రోజులు అలా జరిగాక ఒక మధ్యాహ్నం నాయన వచ్చి అత్త చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు. "అక్కా, ఇంక నువ్వు పెట్టొద్దులే. ఆమె పెడ్తాది," అన్నాడు మా అమ్మను చూపించి. అత్త నా వైపు చూసి, మా అమ్మ వైపు చూసి, లేచి చేతులు కడుక్కుంది. ఆ సాయంత్రం బియ్యం డబ్బా వెనక నుంచి పత్రిక తీసి పొయ్యి దగ్గర కూర్చుని కూడబలుక్కుంటూ చదివింది. రెండో రోజు, యశ్వంతనగర్‌లో మెస్సు నడిపే తెలిసినామె దగ్గరకు పోతానంది. ఎవరూ వద్దనలేదు.

స్టేషన్‌కు సంచి పట్టుకుని నేనే వెళ్ళాను. బండి ఆలస్యం. సిమెంటు బెంచీ మీద కూర్చుని ఆమె కొంగు ముడి విప్పి టిక్కెట్టు చూసుకుని మళ్ళీ కట్టుకుంది. తరువాత, మొదట రాసిన కాగితాలు నీ ట్రంకులో చూసినా అంది.

"దాంట్లో కాలవలో పడి సచ్చిపోతా గదా పాపా. అదే ఉంచింటే బాగుండె."

సార్ బాగాలేదన్నారని చెప్పాను. ఆ తరువాత, ఎడమ పక్కనే ఎందుకు కూర్చునేదానివత్తా అని అడిగాను. కథ రాయకముందు అడగాల్సిన ప్రశ్న అది.

"మా అమ్మే కూసోమన్నె. నా గొంతు ఇంటే తల నొస్తాదని," అంది. "నేనేం తిట్టుకుంటానుంటి అనుకుంటివేమో. రొట్టెలు లెక్క పెట్టుకుంటాంటి. ఎవరికెన్ని అయినాయని."

బండి వచ్చింది. ఎక్కింది. కిటికీ దగ్గర చోటు దొరకలేదు, నాకు మళ్ళీ కనపడలేదు.

మా అమ్మకు ఇంటిపని, వంటపని అన్నీ మీద పడ్డాయి. గంజి తొందరగా పోసేది. నాలుగో రోజు అవ్వకు పొలమారింది, దగ్గు ఆగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు, జ్వరం వచ్చింది. వారం దాటలేదు. అత్తకు కబురు పంపుదామని నాయన అనలేదు. నేనూ అనలేదు. కర్మలన్నీ అయిపోయాక సార్ దగ్గరకు వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, దీన్ని మాత్రం రాయొద్దు, నమ్మరు అన్నారు. నాకు అప్పుడు అది సలహాగానే వినపడింది.

ఇప్పుడు హగరిలో ఆ ఇల్లు లేదు. నేను బళ్ళారిలో మూడో అంతస్తులో ఉంటాను, రొట్టెలు ప్లాస్టిక్ సంచిలో ఇంటికి వస్తాయి, ఎవరెన్ని తిన్నారో ఎవరూ చూడరు. అప్పటి మనుషులు కఠినులని, ఇప్పుడు మనం మెత్తబడ్డామని మా వయసువాళ్ళు వేదికల మీద అంటుంటారు. నేనూ అన్నాను. అవ్వకు చదువు లేదు, ఆమె కఠినత్వం ఒక రొట్టె దగ్గర ఆగిపోయింది. నాది అచ్చయి ఇంటింటికీ పోయింది.

యశ్వంతనగర్ నుంచి వచ్చిన మూడో రోజు ఒక యువ లెక్చరర్ ఫోన్ చేశాడు. మంచి ముగింపులున్న కథలతో విద్యార్థుల కోసం ఒక పుస్తకం వేస్తున్నారట, నాది కావాలట. ప్రూఫులు పంపాడు. మార్చాలనుకుంటే మార్చుకోవచ్చు మేడమ్ అన్నాడు. నేను పొద్దున్నే కూర్చుని నిజంగానే ప్రయత్నించాను. కూతురు కుడి పక్కకు వస్తుంది, వంగుతుంది, ఏమీ అనదు, తల్లి గొంతు కదిలేదాకా ఆగి, నాలుగో చెంచా పోస్తుంది. జరిగింది జరిగినట్టు. రాసి చదువుకున్నాను. మొదటి పేజీలోని చెవి వెలవెలబోయింది. రొట్టె దగ్గర మాట, ఓళిగ దగ్గర మాట ఎవరూ అందుకోకుండా అలాగే ఉండిపోయాయి. మంచి కూతురి కథ కావాలంటే మొదటి పేజీ నుంచీ వేరే కథ రాయాలి, ఆమె రొట్టెలు లెక్కపెట్టుకుంటున్నదని మొదట్లోనే తెలిసి ఉండాలి. చదివినకొద్దీ పాతదే బాగుంది. మధ్యాహ్నం దాకా చూసి కొత్త కాగితం చింపేశాను. ప్రూఫుల్లో రెండు అచ్చుతప్పులు దిద్ది, పుస్తకం పంపాల్సిన చిరునామాతో సహా పంపించాను. విద్యార్థుల కోసం కథ వెనక కథ ఒక పేజీ రాయమని అతను మళ్ళీ ఫోన్ చేశాడు. హంపమ్మ నిజం మనిషా మేడమ్ అని అడిగాడు. కాదని చెప్పాను.